అప్‌డేట్: జెంటిల్మన్స్ రెలిష్‌కు బదులు మన నెత్తళ్లు

నా ప్రశ్న: ఇంగ్లండులో ఉన్నప్పుడు టోస్టు మీద రాసుకునే జెంటిల్మన్స్ రెలిష్ తయారీ ఆగిపోయింది. ఆంకోవీ అనే చిన్న చేపలతో చేసే 1828 నాటి ఆ ముద్దకు విశాఖలో బదులు ఏమైనా దొరుకుతుందా?

దొరికింది, కానీ మొదటి ప్రయత్నం చెడింది. ఎండు నెత్తళ్లను నానబెట్టి రుబ్బితే ఇసుకలా పలుకుగా వచ్చింది, ఎండుచేప వాసనే మిగిలింది. ఎండబెట్టడం వేరు, ఉప్పులో మాగబెట్టడం వేరు. ఆ రుచంతా మాగడంలోనే పుడుతుంది.

రెండోసారి మంచులో ఉన్న పచ్చి నెత్తళ్లే కొన్నాను. ఎండలో ఉంచిన చేప వద్దు. అందులో పేరుకునే హిస్టమిన్ అనే హానికర పదార్థం ఉడికించినా పోదు. తలలు, పేగులు తీసి, చేప బరువులో మూడో వంతు కల్లుప్పుతో పొరలుగా పేర్చి, పైన బరువు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. మూడు నెలలకు వెన్నుముల్లు పక్కన తెల్లటి కండ గులాబీ రంగుకు తిరిగింది. మాగిందనడానికి అదే గుర్తు.

కడిగి, ముల్లు తీసి, 60 గ్రాముల చేపకు 35 గ్రాముల ఉప్పులేని వెన్న, మిరియాలు, చిటికెడు జాపత్రి కలిపి నూరాను. వేడి టోస్టు మీద పలచగా రాస్తే చాలు. నెత్తళ్లలో కొవ్వు తక్కువ కాబట్టి అసలుదానంత నునుపు రాలేదు. రుచి మాత్రం అదే!