శెనగ చెక్క మీద ఎంత ఖర్చు వేయాలి? బరువు లెక్కా, ధర లెక్కా?

పలమనేరు మిల్లు: టన్ను వేరుశెనగ గింజలు ఆడితే నూనె 420 కిలోలు, చెక్క 550 కిలోలు వచ్చాయి. గింజలకూ ఆడించడానికీ కలిపి 96,000 రూపాయలు ఖర్చు. దీన్ని రెంటికీ ఎట్లా పంచాలి?

పుత్తూరు అకౌంట్స్: బరువును బట్టి పంచండి. మొత్తం 970 కిలోలు, కిలోకి 99 రూపాయలు పడుతుంది. ధర రోజుకో తీరుగా ఉంటుంది. తూకం చీటీ అట్లా కాదు, ఆడిటర్ అడిగితే తీసి చూపించొచ్చు.

తిరుపతి కాస్టింగ్: తూకం చీటీ గట్టిదే. కానీ అట్లా పంచితే చెక్క మీద 54,400 పైన పడుతుంది. చెక్క కిలో 40, విడి నూనె కిలో 200 అనుకుందాం. చెక్కంతా అమ్మినా వచ్చేది 22,000. ఒకే గింజలోంచి వచ్చిన సరుకుల్లో చెక్క 32,000 నష్టం, నూనె 42,000 లాభం చూపిస్తాయి. అసలు మిగిలేది 10,000. చెక్క మార్చిలోపల అమ్ముడుపోయి నూనె ట్యాంకులో ఉండిపోతే మరీ ఘోరం: ఈ ఏడు నష్టం, లాభమంతా వచ్చే ఏటికి.

నూనె, చెక్క విడిపోయిన చోట ధరను బట్టి, అంటే నూనె 84,000కు చెక్క 22,000 చొప్పున పంచండి. నూనె మీద 76,075, చెక్క మీద 19,925 పడతాయి. నూనె కిలో 181, చెక్క కిలో 36.

పుత్తూరు అకౌంట్స్: చెక్క ఉప ఉత్పత్తే కదా! దాని 22,000 తీసేసి 74,000 నూనె మీద వేస్తే పోలేదా? కిలో 176 అవుతుంది.

తిరుపతి కాస్టింగ్: ఉప ఉత్పత్తి విలువ స్వల్పమైతే అట్లా తీసేయమని అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెబుతుంది. ఇక్కడ నూరు రూపాయల రాబడిలో దాదాపు 21 చెక్కదే. దాన్ని స్వల్పమనడానికి నాకు మనసొప్పదు.

బంగారుపాళ్యం పల్ప్: మాది తోతాపురి. టెంకలు, తొక్కలు టన్నులకు టన్నులు. తీసుకుపోయే ట్రాక్టరుకు మేమే డబ్బులిస్తాం. వాటికీ ఖర్చు పంచాలా?

తిరుపతి కాస్టింగ్: వద్దు. అవి మీకు సరుకు కాదు, వ్యర్థం. ట్రాక్టరు బాడుగను పల్ప్ ఖర్చులో కలపండి. టెంకలు కొనేవాళ్లు దొరికిన రోజున ఆ డబ్బును పల్ప్ ఖర్చులోంచి తగ్గించండి.

పలమనేరు మిల్లు: బరువు లెక్కలో నూనె 99కే పడుతోంది. ఫిల్టరుకూ ప్యాకెట్టుకూ 25 పెట్టి 220కి అమ్మితే కిలోకి 96 మిగులుతుంది కదా? మెషీన్ కొందామనుకుంటున్నాం.

తిరుపతి కాస్టింగ్: ఆ 96ను నమ్మి కొనొద్దు! విడిగానే 200 పలికే నూనెకు మీరు 25 పెడితే పెరిగే ధర 20. కిలోకి 5 చేతినుంచి పోతుంది. పుస్తకంలో 99 రాసినా, 176 రాసినా, 181 రాసినా ఆ 5 మారదు. గింజల ఖర్చు ఎట్లాగూ అయిపోయింది. ప్యాకింగ్ కిలోకి 20 లోపల తేలితేనే ఆలోచించండి.

పుత్తూరు అకౌంట్స్: ప్యాకింగ్ సంగతి ఒప్పుకుంటా. కానీ చెక్క 40 నుంచి 30కి పడితే మీ పద్ధతిలో నూనె ఖర్చు 181 నుంచి 191కి ఎక్కుతుంది. మిల్లులో ఏమీ మారకుండానే! నెలనెలా ఖర్చు అదుపు చూసుకోవడానికి ఆ అంకె ఎట్లా పనికొస్తుంది?

తిరుపతి కాస్టింగ్: అదుపు చూడాలంటే టన్నుకు కరెంటు ఎంత కాలింది, చెక్కలో నూనె ఎంత మిగిలిపోయింది అని చూడండి. పంచిన ఖర్చు స్టాకు విలువ కట్టడానికి. రోజు ధర కాక నెల సగటు ధర తీసుకుంటే ఊపు కొంత తగ్గుతుంది.

పుత్తూరు అకౌంట్స్: సగటు తీసుకున్నా ఊపు పూర్తిగా పోదు. నెలవారీ లెక్కకు నేను బరువే వాడతా, మార్చిలో మాత్రం ధరకు మారుస్తా.

తిరుపతి కాస్టింగ్: అప్పుడు రెండు పుస్తకాలకూ పొంతన కుదిర్చే పట్టీ కూడా ప్రతి ఏడూ మీరే రాయాలి.