ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ వార్నింగూ రాదు, అదే వైఫైలో నా ఫోన్‌కి మాత్రం ఎందుకొస్తాంది?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
అన్నలూ అక్కలూ, మా ఆఫీసులో కొత్త ఫైర్‌వాల్ పెట్టినారు, ఆరోజు నుంచి నా సొంత ఫోన్ ఆఫీసు వైఫైకి కలిపితే క్రోమ్‌లో ఏ సైటు తెరిచినా ఎర్రగా NET::ERR_CERT_AUTHORITY_INVALID అని వస్చాంది. కొన్ని సైట్లకి ముందుకు పోయే బటన్ కూడా ఉండదు. బ్యాంకు యాప్ అయితే వార్నింగ్ కూడా లేకుండా "నెట్‌వర్క్ సమస్య" అని ఊరికే తిరుగుతా ఉంటాది. వాట్సాప్ మాత్రం బాగా పనిచేస్తాంది. పక్కనే కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అదే వైఫైలో అన్నీ నున్నగా తెరుచుకుంటాయి. ఇప్పుడు ఐటీ వాళ్ళు మెయిల్ పంపినారు, ఈ సర్టిఫికెట్ ఫైలు ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకోండి సమస్య పోతాది అని. బిల్డింగ్ లోపల సిగ్నల్ అస్సలు ఉండదు కాబట్టి వైఫై లేకుంటే కష్టం. వేసుకోవచ్చా? ఇంకోటి, ల్యాప్‌టాప్‌లో నేను ఇన్‌కమ్ టాక్స్ సైటు తెరిస్తే వాళ్ళకి కనపడతాదా?

కడపకారం (కడప)
వేసుకోవద్దప్పా. అది స్పైవేర్. ఒకసారి ఫోన్లోకి పోయిందంటే నువ్వు ఇంటికి పోయినా, ఊరికి పోయినా నీ ఫోటోలు, మెసేజులు అన్నీ వాళ్ళ సర్వర్‌కి పోతానే ఉంటాయి. మా ఆఫీసులో ఒకతను ఇట్లే వేసుకుని తర్వాత ఫోన్ ఫార్మాట్ కొట్టుకోవాల్సి వచ్చింది.

రాజ్‌విహార్_రాణి (కర్నూలు)
నాకూ సర్టిఫికెట్ ఎర్రరే అండి, మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్. కొన్ని రోజులు ఆపి పెట్టి మళ్ళీ ఆన్ చేసినప్పుడల్లా ఏ సైటూ రాదు, గడియారం తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తాది. ఇది కూడా కంపెనీ వాళ్ళు చేసిందేనా? ఆ ల్యాప్‌టాప్ నా సొంతం.

పాతనెట్‌వర్కు (కర్నూలు)
రాణి గారూ మీది వేరే కథ, మీకు వచ్చేది NET::ERR_CERT_DATE_INVALID అయ్యుంటాది, ఎర్రగా ఉండే పేజీలో కింద ఆ కోడ్ చదవండి. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయింది, మార్పిస్తే సరి.

ఇంక అసలు సంగతి. నేను చానా ఏళ్ళు ఈ ఫైర్‌వాల్స్ మీదే పనిచేసినాను కాబట్టి గట్టిగా చెప్తా. మీ ఫోన్‌కి, సైటుకి మధ్యలో ఫైర్‌వాల్ కూర్చుంది. పోస్టు కవరు దారిలో విప్పి, చూసి, ఇంకో కవర్లో పెట్టి కంపెనీ సీలు కొట్టి పంపినట్టు అది ప్రతి సైటుకీ అప్పటికప్పుడు ఒక కొత్త సర్టిఫికెట్ తయారుచేసి తన సంతకం పెడతాది. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే ఐటీ వాళ్ళు ఆ సంతకాన్ని నమ్మమని దాంట్లో రూట్ సర్టిఫికెట్ పెట్టేసినారు, కాబట్టి ల్యాప్‌టాప్ నోరు మూసుకుని ఒప్పుకుంటాది. నీ ఫోన్‌కి ఆ సంతకం ఎవరిదో తెలీదు, కాబట్టి అరుస్తాంది. రెండింటి మీదా జరిగేది ఒకటే పని. ఫోన్ చెడిపోలేదు, ఫోన్ నిజం చెప్తాంది.

బటన్ లేని సైట్లు అంటే, ఆ సైటు వాళ్ళే ముందుగానే బ్రౌజర్‌కి చెప్పి పెట్టుకున్నారు, మా సర్టిఫికెట్ తేడాగా ఉంటే ఎవర్నీ లోపలికి పోనీయొద్దని. వాట్సాప్ ఎందుకు పోతాందంటే దానికి సొంత ఎన్‌క్రిప్షన్ ఉంది, దాన్ని విప్పడం ఫైర్‌వాల్ వల్ల కాదు, వదిలేయాలి లేదా ఆపేయాలి, మీ వాళ్ళు వదిలేసినారు.

సప్తగిరి_సర్కిల్
అంటే ల్యాప్‌టాప్‌లో వార్నింగ్ రాకపోవడమే అసలు భయపడాల్సిన విషయమా అన్నా?

కడపకారం
అదే కదా నేను చెప్పింది, స్పైవేర్ అని.

పాతనెట్‌వర్కు
కాదు స్వామీ. రూట్ సర్టిఫికెట్ అనేది ప్రోగ్రాం కాదు. అది ఎక్కడికీ ఏమీ పంపదు, ఫోటోలు తియ్యదు. ఊరికే "ఈ సంతకం పెట్టినోళ్ళని నమ్ము" అనే చీటీ. ఆ సంతకం పెట్టగలిగేవాడు దారిలో కూర్చుంటేనే ఏమైనా చూడగలడు. ఇంటి వైఫైలో నీ ఫోన్‌కీ, సైటుకీ మధ్య మీ కంపెనీ ఫైర్‌వాల్ లేదు, కాబట్టి చూడలేరు. మీ ఆఫీసతను ఫార్మాట్ కొట్టింది వేరే ఏదో యాప్ వల్ల అయ్యుంటాది.

కడపకారం
మీకు తెలిసిందే లోకం అనుకుంటే ఎట్లన్నా? నాకు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇంట్లో తెరిచినా సైటు సర్టిఫికెట్ మీద కంపెనీ పేరే వస్తాంది, నేను చూసి చెప్తాండ. ఇంటి నెట్టే, ఇంటి రౌటరే. మరి దారిలో ఎవరున్నారు?

పాతనెట్‌వర్కు
ల్యాప్‌టాప్‌లో ఏజెంట్ ఉంటాది, నువ్వు ఎక్కడున్నా ట్రాఫిక్‌ని తీసుకుపోయి వాళ్ళ ఫైర్‌వాల్ గుండానే తిప్పుతాది. దారి వాళ్ళదే అయ్యింది. చేసింది ఏజెంట్, సర్టిఫికెట్ కాదు.

కడపకారం
ఆ ఏజెంట్ రేపు ఫోన్లో కూడా పెట్టరని ఏం గ్యారంటీ? మాట మార్చొద్దు.

హంద్రీ_డెవలపర్ (కర్నూలు)
ఇద్దరూ కాస్త ఆగండి. కడప అన్న చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే దాన్ని ముందే వేసి అమ్మింది, 2015లో అది బయటపడింది, గుర్తుందా? ప్రకటనలు చూపించేందుకు ఒక రూట్ సర్టిఫికెట్ పెట్టినారు, దాని రహస్య తాళంచెవి అన్ని మెషిన్లలో ఒకటే, ఆ మెషిన్లలోనే ఉండేది, బయటికి తీసేసినారు. అంటే అదే కాఫీ షాపు వైఫైలో కూర్చున్న ఎవడైనా ఆ ల్యాప్‌టాప్ వాళ్ళకి దొంగ బ్యాంకు సైటు చూపించొచ్చు, వార్నింగ్ రాదు. కాబట్టి ఇంటికి పోతే భద్రం అనే మాట, ఆ తాళంచెవి కంపెనీ దగ్గర భద్రంగా ఉన్నంతవరకే. ఉద్యోగం మానేసినా ఫోన్లో ఆ రూట్ అట్లనే ఉంటాది, ఎవరూ వచ్చి తీయరు.

మరి నా బాధ. మాకు ఇదే పెట్టినాక గిట్ పనిచేయడం మానేసింది, `SSL certificate problem` అని. మా టీంలో అందరూ `http.sslVerify false` పెట్టుకుని పని కానిస్తున్నారు. అదొక్కటే దారా?

పాతనెట్‌వర్కు
తాళంచెవి సంగతి ఒప్పుకుంటా, అది న్యాయమైన మాట.

గిట్ దగ్గర మాత్రం ఆ ఫాల్స్ పెట్టొద్దు, ఎవరు చెప్పినా వినొద్దు. అట్ల పెడితే ఎవడి సర్టిఫికెట్ అయినా ఒప్పుకుంటాది, మీ పాస్‌వర్డ్, టోకెన్ దారిలో ఎవడైనా తీసుకోవచ్చు. విండోస్ నమ్మే రూట్‌లు వేరు, గిట్ తనతో తెచ్చుకున్న లిస్టు వేరు, సమస్య అంతే. విండోస్ లిస్టే చూడమని చెప్పండి:

```
git config --global --unset http.sslVerify
git config --global http.sslBackend schannel
```

హంద్రీ_డెవలపర్
అయ్యింది అన్నా, క్లోన్ వచ్చింది. మా లీడ్‌కి చూపించి టీం అంతా మార్పిస్తా.

పులివెందుల_ఐఫోన్ (కడప)
నాది ఐఫోన్. మా ఆఫీసులో కూడా ఫైలు ఇచ్చినారు, ప్రొఫైల్ అని ఇన్‌స్టాల్ చేసినా వార్నింగ్ పోలేదు. ఆపిల్ బాగా బిగించింది కాబట్టి వేసుకున్నా ఏం కాదు అనుకుంటున్నా.

సీమ_ఆండ్రాయిడ్ (అనంతపురం)
పోలేదంటే ఇంకో స్విచ్ ఉంది కాబట్టి. సెట్టింగ్స్‌లో General, About, కింద Certificate Trust Settings, అక్కడ ఆన్ చేస్తేనే పూర్తిగా నమ్ముతాది. దయచేసి ఆన్ చేయొద్దు. ఎందుకంటే ఐఫోన్లో ఆ స్విచ్ వేసినాక చానా యాప్‌లు కూడా ఆ రూట్‌ని నమ్ముతాయి, తమ సర్టిఫికెట్ తప్ప వేరేది ఒప్పుకోకూడదని గట్టిగా రాసుకున్న యాప్‌లు తప్ప.

ఆండ్రాయిడ్‌లో అట్ల కాదు. ఆండ్రాయిడ్ 7 నుంచి, అంటే 2016 నుంచి, మనం చేత్తో వేసిన రూట్‌ని యాప్‌లు మామూలుగా నమ్మవు, యాప్ రాసినోళ్ళు కావాలని ఒప్పుకుంటే తప్ప. క్రోమ్ మాత్రం నమ్ముతాది. కాబట్టి సప్తగిరి తమ్ముడూ, నువ్వు ఆ ఫైలు వేసుకుంటే జరిగేది ఇది: నీకు కావాల్సిన బ్యాంకు యాప్ అప్పటికీ పనిచేయదు, ఊరికే తిరుగుతానే ఉంటాది. నీకు అక్కర్లేనిది జరుగుతాది, క్రోమ్‌లో నువ్వు తెరిచేదంతా వాళ్ళకి చదవడానికి వీలుగా అవుతాది, వార్నింగ్ కూడా ఉండదు. ఐటీ వాళ్ళు "సమస్య పోతాది" అన్నది సగం అబద్ధం.

ఎవరైనా ఇప్పటికే వేసుకుని ఉంటే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో Trusted credentials అని ఉంటాది, User అనే ట్యాబ్‌లో చూడండి. అక్కడ ఉండే పేర్లు మనం వేసినవి, తీసేయొచ్చు.

పులివెందుల_ఐఫోన్
స్విచ్ వేయలేదు. ప్రొఫైల్ కూడా తీసేస్తా ఇప్పుడే.

రాజ్‌విహార్_రాణి
బ్యాటరీ మార్పించినా, అయ్యింది. థ్యాంక్స్ అండి. షాపులో అతను విండోస్ మళ్ళీ వేయాలన్నాడు, వద్దని చెప్పి వచ్చినా.

సప్తగిరి_సర్కిల్
ల్యాప్‌టాప్‌లో ఇన్‌కమ్ టాక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతనెట్‌వర్కు
దానికి ఎవర్నీ అడగక్కర్లేదు, నువ్వే చూడొచ్చు. సైటు తెరిచి అడ్రస్ పక్కన గుర్తు నొక్కు. 2023 తర్వాత క్రోమ్‌లో తాళం బొమ్మ లేదు, రెండు గీతలు చుక్కలు ఉండే బొమ్మ ఉంటాది. Connection is secure, తర్వాత సర్టిఫికెట్, దాంట్లో Issued By. అక్కడ డిజిసర్ట్, లెట్స్ ఎన్‌క్రిప్ట్, గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ లాంటి పేరుంటే ఆ సైటుని విప్పడం లేదు. మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ పేరో ఉంటే విప్పుతాంది. అదే సైటు ఫోన్లో మొబైల్ డేటా మీద తెరిచి పేర్లు పోల్చుకో, అనుమానం తీరుతాది.

చానా ఆఫీసుల్లో బ్యాంకులు, ఆసుపత్రులు విప్పొద్దని మినహాయిస్తారు. కానీ అది పెట్టేవాడి ఇష్టం, రేపు మారొచ్చు, కాబట్టి ఒక్కో సైటుకీ చూసుకోవాల్సిందే. విప్పినాక లోపలిది దాచి పెట్టుకుంటారా, ఊరికే వైరస్ చూసి వదిలేస్తారా అనేది బయట నుంచి తెలుసుకునే దారి లేదు. ఇన్‌కాగ్నిటో పెట్టినా ఏం మారదు.

కడపకారం
ఉద్యోగికి చెప్పకుండా ఇట్ల విప్పడం చట్టం ప్రకారం సరేనా? లాయర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

సప్తగిరి_సర్కిల్
చూసినా. బ్యాంకు సైటుకి డిజిసర్ట్ అని వచ్చింది. టాక్స్ సైటుకీ బయటి పేరే. నా సొంత జీమెయిల్‌కి మాత్రం మా కంపెనీ పేరు! ఇన్నాళ్ళూ ల్యాప్‌టాప్‌లో అదే తెరిచి పెట్టుకున్నా పొద్దంతా, ఇప్పుడే లాగౌట్ చేసినా, ఫోన్ నుంచి మొబైల్ డేటా మీద పాస్‌వర్డ్ మార్చినా. ఐటీకి మెయిల్ పెట్టినా, సొంత ఫోన్లకి విప్పకుండా వేరే గెస్ట్ వైఫై ఇవ్వండి, లేకుంటే ఫోన్లో వర్క్ ప్రొఫైల్ పెట్టి సర్టిఫికెట్ దాంట్లో మాత్రమే ఉంచండి అని.

సీమ_ఆండ్రాయిడ్
వర్క్ ప్రొఫైల్ అయితే సర్టిఫికెట్ ఆ ప్రొఫైల్ లోపలి యాప్‌లకే, నీ సొంత యాప్‌లని తాకదు. కానీ అదే వైఫైలో ఉంటే సొంత వైపు క్రోమ్ మళ్ళీ ఎర్రగానే చూపిస్తాది, బ్యాంకు యాప్ కూడా కదలదు. నీకు కావాల్సింది గెస్ట్ వైఫైనే, మెయిల్‌లో ఆ ఒక్కటే గట్టిగా అడుగు.

సప్తగిరి_సర్కిల్
మళ్ళీ రాసినా. "పరిశీలిస్తాం" అన్నారు. అంతవరకు బ్యాంకు పని ఉంటే మెట్ల దగ్గరికి పోయి మొబైల్ డేటా మీద చేసుకుంటాండ.

కడపకారం
లాయర్లు ఎవరూ లేరా?