అరువు షేర్లను గడువుకు ముందే వెనక్కి అడిగితే ఏమవుతుంది?

విజయనగరం నుంచి రాస్తున్నాను. షేర్లను అరువిచ్చి పుచ్చుకునే ఎస్‌ఎల్‌బీ విధానంలో 100 షేర్లు అరువు తీసుకుని, 500 రూపాయల చొప్పున అమ్మి, ధర తగ్గాక కొని తిరిగి ఇవ్వాలనుకుంటున్నాను. ధర సున్నాకు పడినా, ఖర్చులు పోగా, లాభం 50,000 దాటదు. పెరిగితే నష్టానికి హద్దు లేదు, 1,200కు చేరితే 70,000 పోతాయి. అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది షార్ట్ స్క్వీజ్: ధర పెరిగేకొద్దీ, అరువు షేర్లు అమ్మినవారిలో అదనపు మార్జిన్, అంటే హామీ సొమ్ము, కట్టలేనివారు షేర్లు కొని తీరాలి, ఆ కొనుగోళ్లే ధరను ఇంకా పైకి తోస్తాయి. 2021 జనవరిలో అమెరికాలోని గేమ్‌స్టాప్ షేరులో ఈ ఒత్తిడీ కనిపించింది.

బ్రోకరు కార్యాలయంలో అడిగితే మార్జిన్ గురించే చెప్పారు. ఒప్పంద పత్రం చదివినా స్పష్టత రాలేదు. ధర అలా ఎగబాకే సమయంలో అరువిచ్చినవారు గడువుకు ముందే షేర్లు కోరితే, లావాదేవీలకు పూచీగా నిలిచే క్లియరింగ్ కార్పొరేషన్ వేరొకరి నుంచి సమకూరుస్తుందా, లేక నేనే ఆనాటి ధరకు కొనివ్వాలా?