మల్టీగ్రెయిన్ బ్రెడ్డులో ధాన్యం ఎంత? కవరు వెనక రాసింది ఇదీ, చూసి చెప్పండి

సుజాత, నెల్లూరు
400 గ్రాముల ప్యాకెట్టు, 16 ముక్కలు. ముందు పక్కన రాగి కంకి, ఓట్స్, అవిసె గింజల బొమ్మలు. వెనక సన్నక్షరాల్లో ఉన్నది వరసగా: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ 54%, నీళ్ళు, హోల్ వీట్ ఫ్లోర్ 6%, చక్కెర, ఈస్ట్, నూనె, వీట్ గ్లూటెన్, ఉప్పు, ఓట్స్, అవిసెలు, రాగి పిండి, 282, 471, 481, రంగు 150. పీచు 100 గ్రాములకు 2.8 గ్రాములు. ఇందులో ధాన్యం నిజంగా ఎంత? ముక్క చూసి కనుక్కోవచ్చా? ఫ్రిజ్‌లో పెడితే ఎన్నాళ్ళుంటుంది?

కావలి కుర్రోడు
అక్కా, సింపుల్. గ్లాసు నీళ్ళలో ముక్క వెయ్యి. నీళ్ళు టీ రంగుకొస్తే అది రంగు కలిపిన మైదా. రాకపోతే ఆటా. అంతే.

పొయ్యి దగ్గర మనిషి
ఇరవై రెండేళ్ళుగా బ్రెడ్డు పిండి కలుపుతున్నా, నేను చెప్పేది వినండి. నీళ్ళ పరీక్ష సగమే నిజం. కారమెల్ రంగు నీళ్ళలోకి దిగుతుంది, ఒప్పుకుంటా. మాల్టు వేసినా దిగుతుంది, బెల్లం వేసినా దిగుతుంది. నిఖార్సైన ఆటా బ్రెడ్డులో బెల్లం వేస్తే దాన్ని మైదా అని పారేస్తావా? ఇటు రంగు వెయ్యని మైదా బ్రెడ్డు నీళ్ళు తేటగానే ఉంటాయి, అది ఆటా అయిపోతుందా?

సుజాత గారూ, మీ కవరులో ఉప్పు ఎక్కడుందో చూడండి. లేబుల్ మీద ఎక్కువ బరువున్న సరుకు ముందు, తక్కువది వెనక రాయాలి. బ్రెడ్డులో ఉప్పు ఎవరు వేసినా పిండిలో నూటికి రెండుకు మించదు, మించితే నోట పెట్టలేం. మీ ప్యాకెట్టులో పిండి మొత్తం 60% కాబట్టి ఉప్పు మహా అయితే 1.2%. ఓట్స్, అవిసెలు, రాగి మూడూ ఉప్పు తర్వాతే ఉన్నాయి. అంటే ఒక్కోటీ అంతకు లోపే. 400 గ్రాముల బ్రెడ్డుకు పచ్చి ముద్ద 450 దాకా పెడతాం, కాలేటప్పుడు తడి పోతుంది. ఒక్కో ధాన్యం ఐదున్నర గ్రాములకు మించదు. మూడూ కలిపి పదహారు ముక్కలకు పదహారు గ్రాములు. ముక్కకు ఒక్క గ్రాము, అదీ ఎక్కువలో ఎక్కువ లెక్క వేస్తే.

సింగరాయకొండ టీచర్
లెక్క బాగుంది. ఆటా సంగతి కూడా చెప్పండి. 450లో 6% అంటే 27 గ్రాములు, ముక్కకు రెండు గ్రాములు కూడా రాదు. పిండిలో పదో వంతు ఆటా, తొమ్మిది వంతులు మైదా.

ఒంగోలు రైతు
ఇన్ని లెక్కలెందుకండీ? జొన్నరొట్టె చేసుకోండి, కొర్రన్నం తినండి. మన మెట్ట పొలాల్లో పండేదాన్ని వదిలేసి కవర్లు చదువుతా కూర్చుంటారా?

సుజాత, నెల్లూరు
అన్నా, పొద్దున ఏడున్నరకి పిల్లల స్కూలు బస్సు. జొన్నరొట్టె రాత్రికి చేస్తున్నా. అడిగింది బ్రెడ్డు గురించి.

పి.వి.ఎస్.
మా దగ్గర దొరికే లోకల్ బ్రౌన్ బ్రెడ్డు మీద "వీట్ ఫ్లోర్" అనే ఉంది, మైదా అనే మాటే లేదు. వీట్ ఫ్లోర్ అంటే గోధుమ పిండే కదా. అది మంచిదన్న మాట.

సింగరాయకొండ టీచర్
కాదండీ. మనం ఇంట్లో గోధుమ పిండి అంటే ఆటా. లేబుల్ మీద ఉత్త వీట్ ఫ్లోర్ అంటే మైదా కూడా కావచ్చు. మైదా కూడా గోధుమ నుంచి వచ్చిందే. ముందు "హోల్" అన్న మాటో, ఆటా అన్న మాటో ఉంటేనే పొట్టుతో సహా అని నమ్మాలి.

పి.వి.ఎస్.
గోధుమ పిండిని గోధుమ పిండి కాదంటే ఎట్టా? తెలుగులో అర్థం మార్చేస్తారా?

పొయ్యి దగ్గర మనిషి
అర్థం ఎవరూ మార్చలేదు బాబూ. కొట్లో కొన్న ఆటా సంచి తీసుకో, మైదా సంచి తీసుకో, రెండింటి మీదా పీచు అంకె చూడు. మైదాలో 100 గ్రాములకు మూడు లోపు, ఆటాలో పదకొండు దగ్గర. నీ బ్రెడ్డు కవరు మీద పీచు ఎంతుంది?

పి.వి.ఎస్.
3.1.

పొయ్యి దగ్గర మనిషి
మొత్తం ఆటాతో చేసిన బ్రెడ్డయితే 6, 7 దగ్గర ఉండాలి. నీళ్ళు, నూనె కలిసి పలచబడ్డా అంత మిగులుతుంది. 3.1 అంటే ఎక్కువ భాగం మైదానే.

పి.వి.ఎస్.
మీ మాటే వేదమా? పీచు తక్కువ రాసి ఉండొచ్చు.

లక్ష్మి, కందుకూరు
ఎవరైనా తనదాంట్లో ఉన్న పీచు తక్కువ చేసి రాసుకుంటారా? వదిలెయ్యండి. నాకు ఇంకో అనుమానం. పీచు 6 ఉన్న బ్రెడ్డు కూడా మోసం కావచ్చు. మైదాలో విడిగా గోధుమ తవుడు కలిపితే అంకె పెరుగుతుంది, మొలక భాగం మాత్రం రాదు. లిస్టులో వీట్ బ్రాన్ అని మూడో నాలుగో చోట ఉంటే పీచు అంకెను నమ్మకండి. ముక్కలో అది కంటికే కనిపిస్తుంది. వెలుతురులో పెట్టి మచ్చల మధ్య ఉన్న నేల చూడండి. మైదా, తవుడు కలిపినదైతే నేల వెన్న రంగులో తెల్లగా ఉండి, దాని మీద ఎర్రటి పొట్టు రేకులు అంటించినట్టుంటాయి. ఆటా అయితే మచ్చలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, మధ్యలో ఉన్న నేల కూడా మసకగానే ఉంటుంది.

కావలి కుర్రోడు
ముదురు బ్రౌన్‌గా ఉంటే మంచిదనుకుంటున్నా నేను ఇన్నాళ్ళూ.

లక్ష్మి, కందుకూరు
ఇంట్లో ఆటాతో పుల్కా కాల్చి, విప్పి, లోపలి పొర బ్రెడ్డు ముక్క పక్కన పెట్టు తమ్ముడూ. మన గోధుమ రంగు అంతే. బ్రెడ్డు లోపల కాఫీ పొడి రంగు ఉందంటే అది గోధుమ ఇచ్చింది కాదు. లిస్టులో 150 ఉందేమో, మాల్టు, కోకో, బెల్లం ఉన్నాయేమో చూడు. రాగి బాగా వేసినా నల్లబడుతుంది, అప్పుడు రాగి ఉప్పుకు ముందు ఉండాలి.

ఒంగోలు రైతు
మెత్తగా దూదిలా ఉంటే మైదా, గట్టిగా ఉంటే ఆటా. మా పెద్దోళ్ళు వేలితో నొక్కే చెప్పేస్తారు.

పొయ్యి దగ్గర మనిషి
ఇప్పుడు ఆ లెక్క చెల్లదు పెద్దాయనా. పొట్టు ముక్కలు జిగురు పోగుల్ని కోసేస్తాయి, అందుకే ఉత్త ఆటా బ్రెడ్డు పొంగదు, ఇటుకలా దిగుతుంది. దానికి విడిగా గ్లూటెన్ వేస్తాం, నీళ్ళు మైదా కంటే ఎక్కువ పోస్తాం. నూటికి అరవై లీటర్లు తాగే చోట డెబ్భై దాకా తాగుతుంది. అట్టా చేస్తే ఆటా బ్రెడ్డు కూడా మెత్తగానే వస్తుంది. లిస్టులో గ్లూటెన్ కనిపించగానే కల్తీ అనుకోవద్దు. గట్టిగా ఉందంటే నిన్నటి మైదా బ్రెడ్డు కూడా కావచ్చు.

సింగరాయకొండ టీచర్
మీ ఉప్పు లెక్కకు ఒక చిక్కుంది. కొన్ని కవర్ల మీద "మల్టీగ్రెయిన్ మిక్స్ 8%" అని రాసి, పక్కన బ్రాకెట్లో ఏడెనిమిది పేర్లు ఇస్తారు. ఆ మిక్స్ అంతా ఒకే సరుకుగా ఉప్పుకు ముందు నిలబడుతుంది. బ్రాకెట్లో మొదట ఉన్నది గోధుమ రవ్వో సోయానో అయితే, చివర ఉన్న రాగి, జొన్న ఎంతో ఉప్పుతో తేలదు.

పొయ్యి దగ్గర మనిషి
అది నిజమే. అప్పుడు 8% అన్నది మాత్రమే పట్టుకోవాలి, లోపలి పంపకం బయటివాళ్ళకు తెలియదు. బొమ్మ వేసి, పేరు పెట్టి గొప్పగా చూపించిన సరుకు శాతం లేబుల్ మీద రాయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. సుజాత గారి కవరులో ఓట్స్ బొమ్మ ఉంది, ఓట్స్ పక్కన అంకె లేదు.

సుజాత, నెల్లూరు
అవును, లేదు. ఇప్పుడే మళ్ళీ చూశా, ఆటాకు ఉంది, మైదాకు ఉంది, బొమ్మ వేసిన మూడింటికీ లేదు.

లక్ష్మి, కందుకూరు
పైన చల్లిన గింజల్ని కూడా తీసి చూడండి. నువ్వులు, అవిసెలు పైపెచ్చుకే ఉండి లోపల ముక్కలో ఒక్కటీ లేకపోతే, ఉన్నదంతా కంటి ముందరే ఉంది.

పి.వి.ఎస్.
సరే, కవరే లేకుండా బేకరీలో కోసి అమ్మే బ్రౌన్ బ్రెడ్డు సంగతేంది? దానికి లేబులూ లేదు, శాతమూ లేదు.

పొయ్యి దగ్గర మనిషి
పొద్దున వెళ్ళి ఏ సంచి విప్పారో అడిగి చూడు. మైదా సంచి ఎన్ని, ఆటా సంచి ఎన్ని. చెప్పేవాళ్ళు చెప్తారు.

కావలి కుర్రోడు
చెప్పకపోతే?

లక్ష్మి, కందుకూరు
ముక్కను చిదిమి నీళ్ళలో నానబెట్టి, టీ వడపోతలో వేసి కుళాయి కింద మెల్లగా కడుగు. పొట్టు రేకులు జల్లెడలో ఆగుతాయి. ఏమీ ఆగకపోతే అనుమానించు. అయితే సన్నగా పట్టిన ఆటాలో పొట్టు కూడా జారిపోతుంది, దీనొక్కదాన్నే నమ్ముకోకు.

సుజాత, నెల్లూరు
ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు.