కృష్ణకి ఏడు ప్రశ్నార్థకాలా?

తెనాలి నాన్న
మా వాడు హాస్టల్లో ఉంటాడు. కొత్త ల్యాప్‌టాప్ తెరిచిన రోజున పేరడిగిన చోట ముచ్చటగా తెలుగులో తన పేరు కొట్టాడు. నాకూ సంతోషమేసింది. ఇప్పుడు ఏదో గేమ్ తెరవగానే మూసుకుపోతోందట. అది రాసుకున్న లాగ్‌లోంచి ఈ ఒక్క లైను పంపాడు:

```
Cannot open: C:\Users\???????\AppData\Local\save\settings.ini
```

గేమ్ సంగతి వాడే చూసుకుంటాడు, నా బాధ వేరు. కృష్ణ అంటే రెండక్షరాలు, ప్రశ్నార్థకాలు ఏడున్నాయి. మా తెలుగు మాస్టారు ఛందస్సు చెప్పేటప్పుడు ఒక మాట అనేవారు: "వట్రుసుడి పక్కింటి మీద బరువు పెట్టదు..." దీనికి ఇంకో సగం ఉంది, నిన్నటి నుంచి నాలిక చివరే ఆడుతోంది. ఈ ఏడు లెక్క ఆ సగంలోనే ఉందని నా అనుమానం. ఎవరైనా విన్నారా?

రేపల్లె ఎక్స్‌ప్రెస్
"...రావత్తు పెట్టకుండా ఊరుకోదు". మాకు ఇలాగే చెప్పారు.

పంతులమ్మ
మీ మాస్టారు మీకు అలా చెప్పారేమో గానీ, నేను విన్నది "రావత్తు అద్దె అడుగుతుంది" అని. ఏదైతేనేం, విషయం ఒకటే. బాలకృష్ణ తీసుకోండి. ల లఘువుగానే ఉంటుంది, ఎందుకంటే కృ సంయుక్తం కాదు, కకారానికి అచ్చు తగిలిందంతే. అదే బాలక్రిష్ణ అని రాస్తే ల గురువైపోతుంది. రెండో గణం మొదలు కాకుండానే పద్యం కుంటుతుంది. పత్రికల వాళ్ళు కూడా క్రిష్ణ అని రాసేస్తున్నారు, ఎవరికి చెప్పుకోవాలి.

డి డ్రైవ్
దీనికి ఛందస్సు ఎందుకండీ. పాత్ పొడుగు ఎక్కువైంది. విండోస్‌లో 260 అక్షరాలు దాటితే ఫైలు తెరుచుకోదు. గేమ్‌ని `D:\Games` లోకి మార్చి ఇన్‌స్టాల్ చేయమనండి, పోతుంది.

తెనాలి నాన్న
అది చేశాడండి. డి లోకి మార్చినా ఇదే లైను, ఇవే ఏడు.

కోడు కొట్టే కోడలు
మారదు. గేమ్ ఎక్కడ పెట్టినా దాని సెట్టింగులు, సేవ్‌లు యూజర్ ఫోల్డర్ కిందే రాసుకుంటోంది. లైను చూడండి, అది C లోనే ఉంది. పొడుగు కూడా కాదు. నేను లెక్కపెట్టాను, మొత్తం 48. డి డ్రైవ్ గారు చెప్పిన 260 నిజమే, కానీ అది ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టి మోడ్‌లు వేసుకునేవాళ్ళకి తగిలే గోడ. ఇక్కడ చిక్కు పేరుతోనే.

పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఫైలు పేరుని నేరుగా యూనికోడ్‌లో అడగవు. సిస్టమ్‌కి ఉన్న పాత అక్షరాల పట్టికలోకి మార్చి ఇవ్వమంటాయి. మన ఇంగ్లిష్ విండోస్‌లో అది 1252 పట్టిక. అందులో తెలుగు లేదు. లేని ప్రతి గుర్తుకీ విండోస్ ఒక `?` పెట్టి ఇస్తుంది. ఫోల్డర్ పేరులో `?` ఉండటానికి విండోసే ఒప్పుకోదు కాబట్టి అలాంటి దారి ప్రపంచంలో ఎక్కడా ఉండదు. గేమ్ వెతుకుతుంది, దొరకదు, మూసుకుంటుంది.

ఇక ఏడు ఎందుకంటే, అది మన అక్షరాల్ని లెక్కపెట్టదు, లోపల విడివిడిగా దాచిన గుర్తుల్ని లెక్కపెడుతుంది. కృష్ణ అంటే క, ృ, ష, పొల్లు, ణ. ఐదే. ఏడు వచ్చాయంటే మీవాడు వట్రుసుడి పెట్టలేదు. క్రిష్ణ అని కొట్టాడు: క, పొల్లు, ర, గుడి, ష, పొల్లు, ణ.

పంతులమ్మ
చూశారా! కంప్యూటర్ కూడా పట్టేసుకుంది.

తెనాలి నాన్న
మా ఇంట్లో పుట్టినవాడు క్రిష్ణ అని రాస్తాడా? బారసాలనాడు బియ్యంలో నేనే రాశాను, వట్రుసుడితో.

వట్రుసుడి వాది
కోడలు గారూ, తొందరపడ్డారు. క్రుష్ణ అని కొట్టినా ఏడే కదా? గుడి బదులు కొమ్ము, లెక్క అంతే. కుర్రాడు రి అన్నాడో రు అన్నాడో ఆ ప్రశ్నార్థకాలు చెప్పవు. అసలు మనం పలికేది రు. అమ్రుతం అంటాం, రుషి అంటాం. అమ్రితం అంటే ఉత్తరాది వాసన వస్తుంది.

పంతులమ్మ
పలకడం వేరు, యతి వేరు. ఋకి యతి ఇ, ఈ, ఎ, ఏలతో కుదురుతుంది, ఉకారంతో కాదు. కృకి కి, కె సరిపోతాయి, కు సరిపోదు. రు అనే పలుకుబడే సరైనదైతే లాక్షణికులు దాన్ని ఉ గుంపులో వేసేవాళ్ళు కాదా?

వట్రుసుడి వాది
లాక్షణికులు సంస్కృతం చూసి గుంపులు కట్టారు. తెనాలి వీధిలో ఎవరు ఎలా పిలుస్తారో చూసి కట్టలేదు.

బమ్మెర భక్తుడు
పోతన్న గారు ఆ పేరు ఎన్నిసార్లు తలుచుకున్నారో, ఆయన నోట రి పలికిందో రు పలికిందో అనేది నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం. ఓరుగల్లు పక్క మనిషి కదా.

కడప కారం
ఒంటిమిట్ట మనిషి.

బమ్మెర భక్తుడు
మొదలుపెట్టారా.

పంతులమ్మ
దయచేసి ఆ తగువు ఈ దారంలో వద్దు. పోయినసారి 140 వ్యాఖ్యలయ్యాయి.

వెంకటేశ్వర్లు తాత
నాదీ ఇదే గొడవ. కంప్యూటర్ నా పేరు సగం మింగేసింది. నా ఫోల్డర్ venka అని ఉంది. గేమ్ వల్లే అంటారా?

కోడు కొట్టే కోడలు
కాదు బాబాయ్ గారూ, మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టారు. అలా చేస్తే ఈమెయిల్లో మొదటి ఐదక్షరాలు తీసి ఫోల్డర్‌కి పెడుతుంది. అందం పోయింది గానీ మీకు ఈ తలనొప్పి రాదు. తెనాలి వారబ్బాయి లోకల్ ఖాతా పెట్టుకున్నాడు, అందుకే కొట్టిన తెలుగు ఉన్నదున్నట్టు ఫోల్డర్ పేరయింది.

ఎక్సెల్ బాధితుడు
మా ఆఫీసులో తెలుగు పేర్ల ఫైలు తెరిస్తే ప్రశ్నార్థకాలు రావు, `à°•à±ƒ` లాంటి పిచ్చిగీతలు వస్తాయి. రెండూ ఒకటేనా?

కోడు కొట్టే కోడలు
దగ్గరి చుట్టాలే, కానీ మీది నయం. `à°•à±ƒ` అంటే లోపల కృ భద్రంగా ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు, దాన్ని 1252 అనుకుని చదివారు. సరైన పట్టికతో మళ్ళీ తెరిస్తే తెలుగు తిరిగొస్తుంది. `?` అయిపోయిందా, ఇక అంతే. అది కృ అయినా అదే, ఱ అయినా అదే.

డి డ్రైవ్
అయితే రష్యన్ వాళ్ళు చేసినట్టు నాన్-యూనికోడ్ ప్రోగ్రాముల భాష తెలుగు అని మారిస్తే సరి.

కోడు కొట్టే కోడలు
రష్యన్‌కి 1251 ఉంది, జపనీస్‌కి 932 ఉంది. తెలుగుకి అలాంటి పాత పట్టిక విండోస్‌లో లేనే లేదు, మనం నేరుగా యూనికోడ్‌తోనే లోపలికొచ్చాం. మార్చడానికి అక్కడ ఏమీ ఉండదు.

చేయగలిగినవి రెండు. `intl.cpl` తెరిచి Administrative ట్యాబ్‌లో Change system locale నొక్కితే `Beta: Use Unicode UTF-8 for worldwide language support` అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టి రీస్టార్ట్ చేస్తే ఆ పాత పట్టిక స్థానంలో యూటీఎఫ్-8 వస్తుంది, చాలా గేములు లేచి కూర్చుంటాయి. కానీ బీటా అని ఊరికే రాయలేదు. మా మామయ్య గారి సిస్టమ్‌లో పెట్టాను. గేమ్ ఆడింది, ఆయన ఇరవై ఏళ్ళుగా పెళ్ళి శుభలేఖలు కొట్టుకునే డీటీపీ ఫైళ్ళలో అక్షరాలు చెదిరిపోయాయి. ఆ పాత ఫాంట్లు 1252 గుర్తుల మీదే తెలుగు బొమ్మలు అతికించుకుని బతుకుతాయి. సాయంత్రానికి టిక్కు తీసేశాను.

రెండోది ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త లోకల్ ఖాతా తెరవడం. నా ఓటు దీనికే. ఉన్న ఖాతాకే సెట్టింగుల్లో పేరు మారిస్తే లాగిన్ తెర మీద పేరు మారుతుంది, ఫోల్డర్ మారదు. మారిందో లేదో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో

```
echo %USERPROFILE%
```

అని కొడితే తెలిసిపోతుంది. చేత్తో ఫోల్డర్ పేరు మార్చబోతే మాత్రం లాగిన్ చెడుతుంది. కొత్త ఖాతాలోకి వెళ్ళాక పాత ఫోల్డర్‌లోంచి డాక్యుమెంట్లు, ఫొటోలు, వేరే గేముల సేవ్‌లు కాపీ చేసుకోవాలి. అన్నీ వచ్చాయని చూసుకునే వరకు పాత ఖాతా తీసేయొద్దని చెప్పండి.

వట్రుసుడి వాది
ఆ పాత ఫోల్డర్ తీసేసే ముందు ఒక్క ఫొటో తీయమనండి. విండోస్‌లో మామూలుగా చూస్తే తెలుగులోనే కనిపిస్తుంది కదా. రి యా రు యా తేలిపోతుంది.

రేపల్లె ఎక్స్‌ప్రెస్
క్రిష్న కూడా అయ్యుండొచ్చు, దంత్య న తో. కుర్రాళ్ళు ఇంగ్లిష్‌లో krishna కొట్టి ఏది ముందొస్తే అది ఎంచుకుంటారు. అదీ ఏడే.

పంతులమ్మ
న తో! ఇంక నేను చదవను ఈ దారం.

పంతులమ్మ
ఒక్క మాట. "బరువు పెట్టదు" తర్వాత ప్రాస రావాలి కదా. రేపల్లె వారు చెప్పినదాంట్లో "పెట్టకుండా" అని నడుమ ఉంది, చివర లేదు. మాస్టార్లు అలా వదలరు. "రావత్తు ఎవర్నీ వదిలిపెట్టదు" అయ్యుంటుంది.

రేపల్లె ఎక్స్‌ప్రెస్
మా మాస్టారు ప్రాస కోసం పాకులాడే మనిషి కాదండీ.

తెనాలి నాన్న
వాడికి రాత్రి ఫోన్ చేశాను. కొత్త ఖాతా పెట్టాడు, గేమ్ ఆడుతోంది. పాత ఖాతా, ఫోల్డర్‌తో సహా తీసేశాడు, ఫొటో లేదు. కోడలమ్మ చెప్పిన జాగ్రత్త నేను చెప్పేలోపే అయిపోయింది. పేరు ఎలా కొట్టావురా అంటే "ఎలా కొడితే ఏంటి నాన్నా, పిలిస్తే పలుకుతున్నాగా" అన్నాడు. మాస్టారి రెండో సగం మాత్రం మీరు చెప్పినవేవీ కాదు, వింటే నాకు తెలిసిపోతుంది.

కొత్త ఫోల్డర్ పేరు krishna. ఊరికే లెక్కపెట్టాను. ఏడు.