అప్‌డేట్: సెలెస్ట్‌లో జంప్ మిస్సవడానికి కారణం దొరికింది

నేను అడిగింది: "సెలెస్ట్ గేమ్‌లో చిన్న ప్లాట్‌ఫామ్ మీద దిగగానే మళ్లీ ఎగరాలి. బటన్ నొక్కినా జంప్ రావడం లేదు. కంట్రోలర్ పాడైందా?"

కంట్రోలర్ బాగానే ఉంది, తప్పు నా బొటనవేలిదే. మీరు చెప్పినట్టు చెయ్యి కూడా కనబడేలా సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూశాను. నేల తాకడానికి 3 ఫ్రేముల ముందు నొక్కుతున్నాను. ముందే నొక్కిన జంప్‌ను గేమ్ గుర్తుపెట్టుకునే సమయం, అంటే జంప్ బఫర్, 0.08 సెకన్లు, అంటే దాదాపు 5 ఫ్రేములు కాబట్టి అది సరిపోవాలి. కానీ టెన్షన్‌లో టక్కున నొక్కి, కాలు ఆనేలోపే వదిలేస్తున్నాను. ఈ గేమ్‌లో బటన్ వదిలితే బఫర్ కూడా రద్దవుతుంది! ఇప్పుడు దిగేదాకా నొక్కి పట్టుకుంటున్నాను, జంప్ వస్తోంది.

అంచు దగ్గర సమస్య వేరు. పడిపోతానేమోనని ముందే ఎగిరేసేవాణ్ణి. అంచు దాటాక కూడా ఎగరనిచ్చే సమయం, అంటే కయోటీ టైమ్, 0.1 సెకను. పూర్తి వేగం సెకనుకు 90 పిక్సెళ్లు కాబట్టి, అంచు దాటాక కూడా 9 పిక్సెళ్ల దాకా, అంటే ఒక టైల్ కంటే కాస్త ఎక్కువ దూరం, అవకాశం ఉంటుంది. అంతా వాడుకోవాలని చూస్తే మాత్రం పడిపోతున్నాను. సగం వాడితే చాలు.

పరుగు కోసం వెనక్కి వెళ్లడం కూడా మానేశాను. నిలబడ్డ చోటునుంచి పూర్తి వేగం రావడానికి 0.1 సెకను కూడా పట్టదు. ఎగిరే క్షణంలో దిశ బటన్ నొక్కి ఉంటే అటువైపు అదనపు వేగం వస్తుంది. నేను అది కూడా వదిలేసేవాణ్ణి.

నిన్న ఆ గది దాటాను. తర్వాతి గదిలో కదిలే బ్లాకులున్నాయి, అదింకో గోల.