సమస్య: మోసగించు మగడె ముద్దు సతికి

నిర్వాహకుడు (రాజమండ్రి): ఈ వారం లైను మా వీధిలోనే దొరికింది. ఎదురింటి తాతగారికి ఎనభై దాటాయి, బామ్మగారికి నీటికాసులు, సాయంత్రం రెండు రకాల చుక్కలు వెయ్యాలి. మొదటిది వేశాక కళ్ళు మూసుకుని ముక్కు పక్కన మూల వేలితో కాసేపు నొక్కి పట్టుకోవాలి, కనీసం ఐదు నిమిషాలు ఆగితే గానీ రెండోది వెయ్యకూడదు, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుందట. ఆవిడకి ఆ ఐదు నిమిషాలూ ఊరికే కూర్చోవడం చిరాకు, ‘వేసెయ్యండి, పనుంది’ అంటారు. అందుకని తాతగారు నొక్కడం అయ్యాక అరుగు మీద అష్టాచమ్మా గీసి ఆవిడ చేతిలో గవ్వలు పెడతారు. కళ్ళు తెరవకుండానే వేస్తారు, ఎంత పడిందో ఆయన చదువుతారు. నిన్న నేను చూస్తుండగా మూడు పడితే ‘చమ్మా!’ అన్నారు మహానుభావుడు. రాండి, పూరించండి.

పోస్టల్ శాస్త్రి:
కనులు మసకలైన కాంతకు గవ్వలు
మూడు పడినఁ దాను మురిసి ‘చమ్మ’
యనుచుఁ గాయ జరిపి యామెనె గెలిపించి
మోసగించు మగడె ముద్దు సతికి

రాత్రి భోజనం ముందే తట్టింది, ఉన్నదున్నట్టు పెట్టేశా.

గజ్వేల్ నర్సింలు: శాస్త్రిగారు పద్యం మంచిగుంది గని నాకు సమస్య మీదనే డౌటు. మో కి ము యతి ఎట్ల చెల్లుతది? అచ్చు కూడ కలవాలె గద.

పోస్టల్ శాస్త్రి: కలవాలి నాయనా, సగం కరెక్టే. కానీ ఉ ఊ ఒ ఓ నాలుగూ ఒకే ఇంటి పిల్లలు, మో-ము హాయిగా చెల్లుతుంది. మ కి మి వేసినప్పుడు రా, అప్పుడు పట్టుకుందువు గాని.

విశాఖ సుబ్బలక్ష్మి: యతి సంగతి సరే, కనులు ‘మసకలైన’ ఏమిటండీ? నిర్వాహకులు అంత వివరంగా రాస్తే మీరు సగమే చదివినట్టున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆడుతున్నారు. ‘కనులు మూసుకొన్న కాంతకు’ అంటే గణాలూ కదలవు, విషయమూ తప్పదు. ఇంకోటి, మూడుని చమ్మ అంటే ఒక గడి ఎక్కువ జరగడం మాత్రమే కాదు, ఇంకో పందెం వస్తుంది. తాతగారికి కావలసింది ఆ పందెమే, ఎందుకంటే ఆట సాగాలి, రెండో చుక్క టైము అవ్వాలి. మీ పద్యంలో ఆయన ఊరికే గెలిపించే మనిషి అయిపోయాడు.

పోస్టల్ శాస్త్రి: అమ్మా, పండు ముదుసలి గురించి రాస్తూ ‘కనులు మూసుకొన్న’ అనడం నాకు చెయ్యి రాలేదు. ఆ మాట వినగానే సగటు పాఠకుడు దహనం ఎప్పుడు అని అడుగుతాడు. అమంగళం అని పాతవాళ్ళు పేరు పెట్టి మరీ దోషం అన్నారు. తెలిసే తప్పించాను. పందెం మాట మాత్రం ఒప్పుకుంటాను, అంత ఆలోచించలేదు.

విశాఖ సుబ్బలక్ష్మి: ఉగాది సమస్యకి మీ పద్యంలో రెండు చోట్ల ‘సుమ్ము’ కూడా తెలిసే వేశారా?

పోస్టల్ శాస్త్రి: మళ్ళీ ఆ సుమ్మేనా! ఆ పద్యానికి నిర్వాహకులు బాగుందన్నారు.

విశాఖ సుబ్బలక్ష్మి: బాగున్నది రెండో పాదం. మూడో పాదం గురించి ఆయన మర్యాదగా ఊరుకున్నారు. సరే, నాది.

గవ్వ నోరు వేలఁ గనుగొన్న యిల్లాలు
మూడె యనియుఁ దెలిసి ముసిగ నవ్వి
నాల్గె యంచుఁ దాను నమ్మినట్లే యుండ
మోసగించు మగడె ముద్దు సతికి

ఆవిడకి చేతులు లేవా? గవ్వ నోటికి గీత ఉంటుంది, పళ్ళుంటాయి, వేలు పెడితే తెలిసిపోతుంది.

డల్లాస్ రాధిక: అబ్బ సుబ్బలక్ష్మిగారూ, ఈ ట్విస్ట్ సూపర్! నేను మోసం అంటే మా తాతయ్యే గుర్తొచ్చి రాసేశా, ఆయనకి షుగరు, అమ్మమ్మ లెక్కపెట్టి పెట్టిన పూతరేకులు కూడా పొద్దున్నకి తగ్గేవి. ఫస్ట్ టైం ఆటవెలది, తిట్టకండి.

చక్కెరున్న రోగి చాటుగా పూతరే
కులను మింగి మూతి కొంగు తుడిచి
తినలేదటంచు దేవునొట్టును వేసి
మోసగించు మగడె ముద్దు సతికి

పోస్టల్ శాస్త్రి: రాధికమ్మా, ‘పూతరే / కులను’ విరుపు భలేగా ఉంది, చాలామంది ఇలా పాదం విరవడానికి భయపడతారు. మూడో పాదంలో కాలు జారింది. ‘తినలే’ దగ్గర లఘువు లఘువు గురువు వచ్చింది, అది సూర్యగణం కాదు. ఒక్క ‘గ’ చేర్చు, ‘తినగలేదటంచు’ అంటే నడిచిపోతుంది. అయితే ఇందులో సతికి ఎందుకు ముద్దో తెలియలేదు. దొంగతిండికి ముద్దా?

డల్లాస్ రాధిక: అమ్మమ్మకి తెలుసండీ, డబ్బాలో ఎక్కువ పెట్టడం మానేసింది, అంతే. ఆయనకి కోపం రాకూడదని లెక్క అడగడం కూడా మానేసింది. అది పద్యంలో పట్టలేదు. ‘గ’ చేర్చేస్తా, థాంక్యూ.

విశాఖ సుబ్బలక్ష్మి: శాస్త్రిగారు కొత్తవాళ్ళ దగ్గర ఎంత తియ్యగా ఉంటారో చూడండి. నా పద్యంలో తప్పేమీ దొరకలేదనుకుంటా.

పోస్టల్ శాస్త్రి: దొరికింది. మూడు పడిందంటే మూడు గవ్వలు నోరు పైకి, ఒకటి బోర్లా. ఆవిడ అబద్ధం పట్టుకునేది ఆ నాలుగోదానితోనే, దానికి పైన నోరు లేదు, నున్నటి వీపే. కాబట్టి ‘గవ్వ వీపు వేలఁ’ అనాలి. గణం అదే.

విశాఖ సుబ్బలక్ష్మి: మూడు నోళ్ళు తగిలి నాలుగోది తగలకపోతే అప్పుడు కదా తెలిసేది? నోటితోనే తెలిసింది. మార్చను.

గజ్వేల్ నర్సింలు: మీరిద్దరు నోరు వీపు అనుకుంట ఉండుండ్రి. నాకు వేరేది యాదికొస్తున్నది. మా అవ్వకు గూడ నీటికాసులే. చుక్కలు ఏస్తే ఏం ఫరక్ తెలుస్తలేదని ఏసుడే ఇడిసిపెట్టింది. నొప్పి లేదు ఏం లేదు, పక్కలకెళ్ళి చూపు తగ్గుకుంట వచ్చింది, పోయిన చూపు మల్ల రాదని డాక్టరు తర్వాత చెప్పిండు. నాయిన గట్ల కూసుండి ఆడిచ్చినోడు కాదు, పొలం కాడికెళ్ళి రాంగనే పడుకునేటోడు. గని ఆయన మోసం వేరే తీరు. పద్యం:

పత్తి చేనులోన బరువు తానే మోసి
గంజి నామెకిచ్చి కడుపు నిండె
ననెడి ముసలి మాట నమ్మునె? తన్నిట్లు
మోసగించు మగడె ముద్దు సతికి

నిర్వాహకుడు: నర్సింలుగారూ, మొదటి పాదం చివర ‘మోసి’, నాలుగో పాదం మొదట ‘మోస’, కావాలని చేశారా?

గజ్వేల్ నర్సింలు: కాలేదు సార్, పడ్డది.

పోస్టల్ శాస్త్రి: పడితే ఇలా పడాలి. ఈసారి నా ఓటు ఇటే. సుబ్బలక్ష్మిగారి పద్యం తెలివైనది, కానీ ఆకలి కనపడేది ఇందులో.

విశాఖ సుబ్బలక్ష్మి: నా ఓటూ ఇదే, కాకపోతే శాస్త్రిగారు చెప్పిన కారణానికి కాదు. ‘నమ్మునె’ దగ్గర ప్రశ్న పెట్టి ఆగిపోయాడు చూడండి, నేను రెండు పాదాలు పట్టి చెప్పినదాన్ని ఒక గణంలో చెప్పేశాడు. అసలు నిర్వాహకులు చెప్పాలి, బామ్మగారికి తెలుసా తెలియదా?

నిర్వాహకుడు: ఈ సాయంత్రం తాతగారు గ్లాసు తేవడానికి లోపలికెళ్ళినప్పుడు అడిగేశా. ‘తెలుసని ఆయనతో అనకు నాయనా, అంటే నిజం లెక్కే చదువుతారు, ఆట చప్పున అయిపోతుంది, ఇంకా టైముందని రెండో చుక్క దాకా నన్ను కూర్చోబెట్టలేక సతమతమవుతారు’ అన్నారు. నోరా వీపా అని అడగలేదు, సారీ.

పోస్టల్ శాస్త్రి: రేపు అడగండి. వీపే అంటారు.

విశాఖ సుబ్బలక్ష్మి: నోరు అంటే శాస్త్రిగారు వచ్చే నాలుగు సమస్యలకి ‘సుమ్ము’ లేకుండా పూరించాలి.